కొవ్వొత్తి, కొలత, కట్టెల మంట

డెన్మార్క్ వాళ్ల హ్యూగ, స్వీడన్ వాళ్ల లాగొమ్, నార్వే వాళ్ల కూషెలి: ఒకే అట్టపెట్టెలో కట్టి అమ్ముతున్న ఈ మూడు మాటలకీ పొంతన ఎంత?

పామర్రులో మా వదిన ఈ వేసవిలో కొత్త ఇల్లు కట్టుకుని గృహప్రవేశం చేసింది. వచ్చిన బహుమతుల్లో బెజవాడ నుంచి ఎవరో తెచ్చిన అందమైన పెట్టె ఒకటి ఉంది. లోపల మూడు సువాసన కొవ్వొత్తులు, ఒక జత ఉన్ని మేజోళ్లు. మూత మీద వరసగా మూడు మాటలు: హ్యూగ, లాగొమ్, కూషెలి. మే నెల ఎండ. కొవ్వొత్తి నిలబడి వెలగాలంటే ఫ్యాన్ ఆపాలి, ఫ్యాన్ ఆపితే ఆ గదిలో మనిషి నిలబడడు. పెట్టె అటకెక్కింది.

ఆ పెట్టె తయారుచేసినవాళ్ల తప్పు వాతావరణం దగ్గర మొదలవలేదు, మూడు మాటల్నీ ఒక్క మూత మీద రాయడం దగ్గరే మొదలైంది. ఈ మాటలు కలిసి తిరగడం పాత సంగతేమీ కాదు. 2016లో మైక్ వైకింగ్ అనే ఆయన, కోపెన్‌హాగెన్‌లో సంతోషం మీద పరిశోధన చేసే సంస్థ నడుపుతున్నాయన, హ్యూగ మీద ఇంగ్లిషులో ఒక చిన్న పుస్తకం రాశాడు. అది విపరీతంగా అమ్ముడైంది. ఆ ఏడాది కాలిన్స్ నిఘంటువు ఎంచిన మాటల జాబితాలో హ్యూగ కూడా ఉంది, కాకపోతే మొదటి స్థానం బ్రెగ్జిట్‌కి దక్కింది. ఒక పుస్తకం ఆడితే ప్రచురణకర్తలు ఊరుకుంటారా? పొరుగుదేశంలో ఇంకో మాట వెతికారు. 2017లో ఒక్క లాగొమ్ మీదే మూడు నాలుగు పుస్తకాలొచ్చాయి. ఆ వెనకే నార్వే కూషెలి. అట్టల మీద బొమ్మ మాత్రం ఒకటే: దుప్పటి, కాఫీ కప్పు, కొవ్వొత్తి.

ఈ గందరగోళం నాకు విడదీసి చెప్పింది మా అన్నయ్య కొడుకు. వాడుండేది స్వీడన్‌లోని మాల్మోలో, ఉద్యోగం డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో. రెండు దేశాల మధ్య సముద్రం మీద 2000లో ఓరెసుండ్ వంతెన తెరిచాక అలా రోజూ దేశం దాటి పనికెళ్లొచ్చేవాళ్లు బాగా పెరిగారు. రైల్లో ముప్పావు గంట లోపే. పామర్రు నుంచి బెజవాడ బస్సులో వెళ్లడానికి అంతకంటే ఎక్కువే పడుతుంది. "పొద్దున హ్యూగ దేశంలోకి వెళ్తా, సాయంత్రం లాగొమ్ దేశానికి వచ్చేస్తా. రెండూ ఒకటే అంటే ఆ రెండు ఊళ్లవాళ్లూ నవ్వుతారు బాబాయ్" అన్నాడు.

ఏ మాటకైనా అసలు అర్థం పట్టుకోవాలంటే వాడు చెప్పిన ఉపాయం నాకు నచ్చింది: దాన్ని ఏది చెడగొడుతుందో చూడమన్నాడు.

తలుపు మూసిన వెలుగు

హ్యూగని చెడగొట్టేది పైకప్పుకి బిగించిన తెల్లటి ట్యూబులైటు. మావాడు ఉద్యోగంలో చేరిన కొన్నాళ్లకి డేనిష్ సహోద్యోగులు ముగ్గుర్ని భోజనానికి పిలిచాడు. మన ఇళ్లలోలాగే గదంతా పట్టపగల్లా లైట్లు వేశాడు. వచ్చినవాళ్లు మర్యాదగానే కూర్చున్నారు కానీ ఏదో ఆసుపత్రికి వచ్చినట్టు ఉన్నారట. చివరికి వాళ్లలో ఒకావిడ లేచి, పై లైటు ఆపేసి మూలనున్న చిన్న దీపం వేయొచ్చా అని అడిగింది. వేశాక మాటలు మొదలయ్యాయి.

ఇది ఆవిడ వ్యక్తిగత చాదస్తం కాదు. మనం వాడే తెల్ల ట్యూబులైటు వెలుగు రంగు సాధారణంగా 6500 కెల్విన్, అంటే మబ్బుపట్టిన పగటి వెలుగు. డేనిష్ ఇళ్ల కూర్చునే గదిలో 2700 కెల్విన్ పసుపు బల్బు. కొవ్వొత్తి వెలుగైతే ఇంకా కిందకి, 2000 లోపే. పౌల్ హెన్నింగ్సెన్ అనే డేనిష్ రూపకర్త 1920ల నుంచి జీవితకాలమంతా ఒక సమస్య మీద పనిచేస్తూనే ఉన్నాడు: బల్బు కంటికి సూటిగా కనపడకుండా, వెలుగు పొరలుపొరలుగా బల్ల మీదికి జారాలి. 1958లో ఆయన చేసిన దీపం ఇప్పటికీ అక్కడి భోజనబల్లల మీద వేలాడుతుంది. గదంతా వెలిగించడం కాదు, గదిలో ఒక చిన్న వెలుగు మడుగు చేసి దాని చుట్టూ నలుగురు కూర్చోవడం ఆ దీపం పని. యూరప్‌లో తలసరి కొవ్వొత్తుల వాడకంలో డెన్మార్క్‌దే మొదటి స్థానమని, మనిషికి ఏడాదికి దాదాపు 6 కిలోలని వైకింగ్ లెక్క. నలుగురి ఉత్సాహం మీద నీళ్లు చల్లేవాణ్ణి డేనిష్‌లో 'కొవ్వొత్తి ఆర్పేవాడు' అనే అంటారు. ఈ ముచ్చటకి ఖర్చూ లేకపోలేదు. కోపెన్‌హాగెన్ ఇళ్లలో గాలిని కొలిచిన పరిశోధకులు, ఇంట్లో పీల్చే అతి సూక్ష్మమైన మసి కణాలకి పెద్ద కారణం ఆ కొవ్వొత్తులేనని తేల్చారు.

దీపం సంగతి పైకి కనపడేది. కనపడని రెండోది, ఆ వెలుగు మడుగు చుట్టూ ఎవరుంటారన్నది. హ్యూగకి జనం తక్కువ ఉండాలి. అందరూ ఒకరికొకరు ముందే తెలిసినవాళ్లై ఉండాలి. అక్కడ జీతాల మాట, పదవుల మాట, ఓట్ల మాట ఎత్తకూడదు. గొప్పలు చెప్పుకోకూడదు, వాదన పెంచకూడదు. మన భోజనాల దగ్గర రాజకీయం రాకపోతే ఉప్పులేని పప్పే. మావాడు రెండోసారి అక్కడే దెబ్బతిన్నాడు. బెజవాడ పద్ధతిలో వాళ్ల ఎన్నికల గురించి గట్టిగా అభిప్రాయం చెప్పి, ఎదుటివాడి అభిప్రాయం అడిగాడు. ఎవరూ కోప్పడలేదు. ఒకాయన లేచి ఇంకాస్త కాఫీ పోశాడు. మాట వేరే దారి పట్టింది.

డేనిష్ మానవశాస్త్రవేత్త యెప్పె ట్రోలె లినెట్ 2011లో దీని మీద రాసిన వ్యాసం, కొవ్వొత్తుల పుస్తకాలన్నిటికన్నా నాకు పనికొచ్చింది. హ్యూగ లోపల అందరూ సమానమే, నిజం. కానీ లోపల, బయట అనే గీత ఉంటేనే అది సాధ్యం. పైగా ఫలానా రకం మనుషులకి హ్యూగ చేతకాదు, వాళ్లకి ఆడంబరం ఎక్కువ అనో, సంస్కారం తక్కువ అనో ముద్ర వేయడానికి కూడా ఆ మాట పనికొస్తుందని ఆయన చూపించాడు. 2016లో డెన్మార్క్ ప్రభుత్వం ప్రజల ఓట్లతో దేశానికి 10 విలువలు ఎంపిక చేయించింది. స్వేచ్ఛ, చట్టం ముందు సమానత్వం, స్త్రీ పురుష సమానత్వం వంటి వాటి పక్కన హ్యూగ కూడా నిలబడింది. హాయిగా కూర్చోవడం ఒక జాతి లక్షణమని చెప్పాక, అలా కూర్చోవడం రానివాడు పరాయివాడని అనకుండానే అన్నట్టు కాదూ?

ఆ మాటకి వ్యతిరేకంగా ముందు 'ఉ' చేరిస్తే వచ్చే డేనిష్ మాటకి అర్థం అసౌకర్యం కాదు, ఒళ్లు జలదరించే భయం. దయ్యాల సినిమాకి వాడే మాట. హ్యూగ అంటే మెత్తదనం అనుకునేవాళ్లు ఇది గమనించాలి. దాని అవతలి గట్టున ఉన్నది గట్టి కుర్చీ కాదు, బయటి చీకటి. డిసెంబరులో కోపెన్‌హాగెన్‌లో పగలు ఏడు గంటలే, మధ్యాహ్నం మూడున్నర దాటితే పొద్దు గూకుతుంది. మన పామర్రులో ఏడాదిలో అతి చిన్న పగలు కూడా 11 గంటలకి తగ్గదు. అలాగని చీకటొక్కటే కారణమంటే ఒప్పుకోలేం. స్టాక్‌హోమ్‌లో ఆ రోజుల్లో పగలు ఇంకా తక్కువ, ఆరు గంటలు. అక్కడివాళ్లు ప్రపంచానికి అమ్మిన మాటేమో చీకటికీ దీపానికీ ఏ సంబంధమూ లేనిది.

ఒక్కసారి అంటే చాలు

లాగొమ్‌ని మెత్తటి దుప్పట్ల పక్కన పెట్టినవాళ్లు స్వీడిష్ ఇంట్లో కాఫీ పోయించుకుని ఉండరు. అది హాయికి పేరు కాదు, కొలతకి పేరు. ఎక్కువా కాదు, తక్కువా కాదు, సరిపడా. కాఫీ వేడి లాగొమ్ కావచ్చు, చొక్కా కొలత లాగొమ్ కావచ్చు, మీటింగు నిడివి లాగొమ్ కావచ్చు. అందులో కొవ్వొత్తి లేదు, స్నేహితులు లేరు, చలి లేదు. నిజానికి హ్యూగకి స్వీడన్‌లో సరైన జోడీ వేరే ఉంది, మీస్ అంటారు. శుక్రవారం రాత్రి పిల్లాపాపలతో సోఫాలో చేరి, చిప్సో టాకోసో తింటూ టీవీ చూడటాన్ని 'శుక్రవారం మీస్' అంటారు. పుస్తకాలవాళ్లు ఆ మాటని వదిలేసి దీన్ని ఎత్తుకొచ్చారు.

ఈ మాట ఎలా పుట్టిందో స్వీడన్‌లో ఎవరినడిగినా ఒక ముచ్చటైన కథ చెబుతారు. వైకింగులు గుండ్రంగా కూర్చుని ఒకే కొమ్ముపాత్రలో తేనెసారా తాగేవారట. చివరివాడి దాకా చేరేలా ఒక్కొక్కరూ ఎంత గుక్క తీసుకోవాలో, అదే లాగొమ్ అట. భాషావేత్తలు ఈ కథని ఒప్పుకోరు. ఆచారం, చట్టం అనే అర్థమున్న 'లాగ్' అనే పాత మాట నుంచి, 'రివాజు ప్రకారం' అనే అర్థంతో అది పుట్టింది. కథ అబద్ధమైనా దాన్ని జనం ఎందుకు పట్టుకున్నారో తెలుస్తూనే ఉంది. నువ్వు ఎంత తీసుకోవాలన్నది నీ దాహం మీద కాకుండా, నీ తర్వాతివాడి మీద ఆధారపడుతుందని ఆ కథ చెబుతుంది.

దీన్ని మావాడు నేర్చుకున్నది వాళ్ల అపార్టుమెంటు కిందనున్న ఉమ్మడి బట్టలుతుకుడు గదిలో. స్వీడన్ అపార్టుమెంట్లలో చాలాచోట్ల ఇంటింటికీ వాషింగ్ మెషీన్ ఉండదు, కింద అందరికీ కలిపి ఒక గది ఉంటుంది. ముందుగా సమయం రాసిపెట్టుకోవాలి. ఆ సమయం ముగిసేలోపు బట్టలు తీసెయ్యాలి, ఆరబెట్టే యంత్రం జల్లెడలో చేరిన దూది ఊడ్చాలి, నేల తుడవాలి. పది నిమిషాలు ఆలస్యమైతే ఎవరూ వచ్చి తలుపు కొట్టరు. గోడ మీద చాలా మర్యాదగా, పేరు లేకుండా ఒక చీటీ అంటించి ఉంటుంది. "ఆ చీటీ చదివితే మా ఇంటి ఓనరు తిట్టిన తిట్లే మేలనిపించింది బాబాయ్" అన్నాడు వాడు. లాగొమ్‌కి అంకె లేదు. ఎంత అన్నది ఎవరూ చెప్పరు, అందరికీ తెలిసే ఉండాలి. తెలియనివాడు బయటపడిపోతాడు.

మా డెల్టావాడికి ఇది కష్టం, ఎందుకంటే మన మర్యాదకి ప్రాణం కొసరి వడ్డించడంలో ఉంది. పామర్రు, గుడివాడ, మొవ్వ చుట్టుపక్కల ఏ ఇంట్లో విస్తరి ముందు కూర్చున్నా మొదటి 'చాలు' వినపడనట్టే నటిస్తారు. రెండో 'చాలు'కి "ఏం తిన్నావని?" అంటారు. మూడోసారి అతిథి విస్తరికి చెయ్యి అడ్డం పెట్టాలి. అప్పుడు కూడా వేళ్ల సందులోంచి ఒక గరిటె నెయ్యి పడుతుంది. వడ్డించేవాళ్లకీ తినేవాళ్లకీ మధ్య ఇదొక ఒప్పందం. మొదటి రెండు చాలులూ మాట వరసకి, మూడోదే నిజం. అందుకే అందరూ ఒకటి రెండు గరిటెల ముందే చాలు మొదలుపెడతారు.

ఇప్పుడు ఈ మనిషిని మాల్మోలో పక్కింటి స్వీడిష్ దంపతుల భోజనబల్ల ముందు కూర్చోబెట్టండి. గృహస్థుడు ఉడికించిన బంగాళాదుంపలు, చేప వడ్డిస్తూ, సరిపోగానే చెప్పమన్నాడు. మావాడు పెంపకం కొద్దీ రెండో గరిటెకే 'చాలండీ' అన్నాడు. గరిటె ఆగిపోయింది. గిన్నె మూత పడింది. ఆయన అమర్యాదగా ఏమీ చేయలేదు. అతిథి తన కొలత తాను చెప్పాడు, దాన్ని కాదని ఇంకో గరిటె వేస్తే అవతలివాడి మాట మీద నమ్మకం లేనట్టు. మావాడు ఇంటికొచ్చి పెరుగన్నం కలుపుకున్నాడు. ఫోనులో ఇది విన్న మా వదినకి మాత్రం ఇప్పటికీ ఆ స్వీడన్ వాళ్ల మీద కోపం. "అదేం తిండి పెట్టడంరా, బిడ్డ ఆకలి మొహం కనపడలేదా?" అంటుంది.

2022 మే నెలలో ఇలాంటి కోపమే ప్రపంచమంతా ఒక్కసారి వెళ్లగక్కింది. స్వీడన్‌లో కొన్ని ఇళ్లలో, ఆడుకోవడానికి వచ్చిన పక్కింటి పిల్లలకి భోజనం పెట్టకుండా గదిలోనే ఉండమని, తమ పిల్లలకే పెట్టుకునేవారన్న సంగతి బయటపడి పెద్ద దుమారమైంది. స్వీడిష్‌వాళ్లు చెప్పిన సమాధానం ఏమిటంటే, ఆ పిల్లాడికి వాళ్లమ్మ వంట చేసి ఎదురుచూస్తూ ఉంటుంది, మనం పెడితే ఆ ఇంటి లెక్క తప్పుతుంది, పైగా వాళ్ల మీద బాకీ మోపినట్టవుతుంది. దీన్నంతా లాగొమ్ ఖాతాలో వేయడం అన్యాయం. కానీ ఒకరి మీద ఒకరు బరువు పడకూడదన్న ఆ ఆలోచన రెండిట్లోనూ ఉంది. మనకేమో ఆ బరువే బంధుత్వం.

స్వీడిష్‌వాళ్లందరూ లాగొమ్‌ని నెత్తిన పెట్టుకుంటారనుకోవద్దు. తమ దేశాన్ని తామే 'లాగొమ్ దేశం' అని వెక్కిరించుకుంటారు, ధైర్యం లేని మధ్యేమార్గమని. 'సినిమా లాగొమ్ సరదాగా ఉంది' అన్నారంటే, పెదవి విరుపుతో అంటే, అస్సలు బాగాలేదని. తమ అమ్మమ్మ విసిరే చిన్న చురకని ఎవరో సుఖజీవన రహస్యమని పుస్తకం వేస్తే ఎలా ఉంటుందో, వాళ్లకీ అలాగే ఉంది.

ముందు వణకాలి

మూడో మాటకి సాక్షి మా వదిన అన్నగారి అమ్మాయి. నార్వే నైరుతి తీరాన చమురు కంపెనీల ఊరు స్టవాంగర్‌లో ఉద్యోగం. ఒక ఫిబ్రవరిలో ఆఫీసువాళ్లు తమ హుట్టెకి రమ్మన్నారు. హుట్టె అంటే కొండల్లో ఉండే చిన్న చెక్క ఇల్లు. దాదాపు 55 లక్షల జనాభా ఉన్న నార్వేలో ఇలాంటివి 4 లక్షలకి పైనే ఉన్నాయి. 'రండి, చాలా కూషెలిగా ఉంటుంది' అన్నారట. రాసేటప్పుడు కోసెలిగ్, పలికేటప్పుడు కూషెలి.

"నేనేదో రిసార్టు అనుకున్నాను మావయ్యా" అంది. సిర్దాల్ కొండల దగ్గర కారు ఆపి, వీపున సంచులు వేసుకుని, మంచులో నడిపించారు. ఇంటి తలుపు తీస్తే బయట ఎంత చలో లోపలా అంతే. కరెంటు లేదు. మంచు తెచ్చి గిన్నెలో కరిగించి నీళ్లు చేశారు. మరుగుదొడ్డి బయట, చెక్క గుడిసె. ఇనప పొయ్యి రాజేసి గది వెచ్చబడటానికి రెండు మూడు గంటలు పట్టింది, ఆ సేపంతా కోటు విప్పలేదు. ఆ తర్వాత ఎవరో అట్లపెనంలాంటి దాని మీద వాఫుల్స్ కాల్చి, పైన తీపిగా ఉండే గోధుమరంగు జున్ను పరిచి చేతికిచ్చారు. అందరూ ఒక్కసారిగా ఆ మాట అన్నారు. "అప్పుడు నాక్కూడా అదే మాట వచ్చింది. అంతకుముందు అనమంటే అనేదాన్ని కాదు" అంది.

హ్యూగ తలుపు మూశాక మొదలవుతుంది. కూషెలి తలుపు తీసుకుని బయటికెళ్తేనే మొదలవుతుంది. ఆరుబయట చలిమంట వేసుకుని సాసేజి కాల్చుకోవడానికి కూడా నార్వేజియన్‌లో ఇదే మాటతో కట్టిన పేరుంది. ఆ యాత్రల్లో తినే చాక్లెట్ క్విక్ లుంష్, 1937 నుంచి వస్తోంది. దాని కాగితం లోపలి వైపు కొండల్లో పాటించాల్సిన జాగ్రత్తలు అచ్చేసి ఉంటాయి. వేళకి వెనక్కి తిరగండి, వెనక్కి రావడం సిగ్గుచేటు కాదని అందులో ఒక నియమం. చాక్లెట్ కాగితం మీద ప్రాణాపాయం గురించి రాసుకునేవాళ్ల హాయి, కొవ్వొత్తి పక్కన కాళ్లు ముడుచుకునేవాళ్ల హాయి ఒకటెలా అవుతుంది? దీన్ని చెడగొట్టేది తెల్ల లైటు కాదు, బయటికి రానని మొండికేసేవాడు.

మంట అంటే ఆ దేశానికి ఎంత పట్టింపో 2013 ఫిబ్రవరిలో తెలిసింది. అక్కడి ప్రభుత్వ టీవీ ఒక రాత్రంతా కట్టెల మీద కార్యక్రమం వేసింది. ఎలా నరకాలి, ఎలా పేర్చాలి అని కొన్ని గంటలు మాట్లాడి, తర్వాత ఎనిమిది గంటలు పొయ్యిలో మంటనే చూపించింది. దాదాపు పది లక్షల మంది ఏదో ఒక సమయంలో చూశారు. ఫిర్యాదులూ వచ్చాయి. సగం మంది కట్టెల్ని బెరడు పైకి పెట్టి పేర్చారని కోప్పడ్డారు. మిగతా సగం బెరడు కిందికి పెట్టారని.

నార్వేకి ఉత్తరాన ట్రోమ్సోలో నవంబరు చివర నుంచి జనవరి మధ్య దాకా సూర్యుడు పొడవనే పొడవడు. అమెరికా నుంచి అక్కడికెళ్లిన మనస్తత్వ పరిశోధకురాలు కారీ లైబోవిట్జ్, అక్కడి ఆచార్యుడు యోఆర్ విట్టర్సోతో కలిసి చలికాలం పట్ల జనం ధోరణిని కొలిచింది. దక్షిణం నుంచి ఉత్తరానికి పోయేకొద్దీ చీకటి పెరుగుతుంది, కానీ చలికాలం మీద ఇష్టమూ పెరగడం ఆ అధ్యయనంలో కనిపించింది. చీకటి నుంచి దాక్కోవడం కాకుండా దాన్ని ఒక రుతువుగా వాడుకోవడం ఆ ఇష్టంలో ఉంది.

అయితే మాటని మరీ పవిత్రం చేయనక్కర్లేదు. నార్వేవాళ్లు దాన్ని ఎడాపెడా వాడేస్తారు. ముసలమ్మ కూషెలి, కుక్కపిల్ల కూషెలి, యాభై మంది వచ్చిన విందు కూడా కూషెలి. హ్యూగకి సంబంధించిన మాట కూడా వాళ్ల దగ్గరుంది, కొత్తవాళ్లని కలిసినప్పుడు మర్యాదకి అదే అంటారు. తమాషా ఏమిటంటే, ఆ మాటని రెండు దేశాలూ ఒకే రాజు కింద ఉన్న రోజుల్లో డేన్లు నార్వే నుంచే తెచ్చుకున్నారు. ఆ రాజ్యబంధం 1814లో తెగిపోయింది, మాట మాత్రం డేన్ల దగ్గరే స్థిరపడి వాళ్ల సొత్తయింది.

అటక మీది పెట్టె సంగతి

ఈ మూడింటిలో పామర్రుకి ఏది రాగలదని అడిగితే నా లెక్క ఇది. కూషెలి రాదు. దానికి ముందు వణకాలి, మనకి ఏడాదిలో ఆ అవకాశం భోగి నాటి తెల్లవారుజామున మాత్రమే. హ్యూగ సరుకులు వస్తాయి, హ్యూగ రాదు. మన ఇంటి తలుపు పగలు మూయం, వచ్చినవాడు ముందే తెలిసినవాడై ఉండాలని అడగం, రాజకీయం లేకుండా నలుగురం పది నిమిషాలు కూర్చోలేం. లాగొమ్‌కి మాత్రం వాతావరణంతో పని లేదు, కొనాల్సిన వస్తువూ లేదు. అందుకే దాన్ని పెట్టెలో పెట్టి అమ్మడం నవ్వొచ్చే పని. రావడానికి అడ్డమున్నది మన వడ్డించే గరిటె ఒక్కటే, ఆ గరిటె వదులుకోమని నేను మా వదినకి చెప్పబోను.

మావాడు మాత్రం రెండూ నడుపుతున్నాడు. తెలుగువాళ్లొస్తే మూడుసార్లు అడుగుతాడు, స్వీడిష్‌వాళ్లొస్తే ఒక్కసారే. చిక్కు వచ్చింది పోయిన శీతాకాలం మా వదిన మూడు నెలలు వాళ్లింట్లో ఉన్నప్పుడు. పక్కింటి దంపతుల్ని పిలిచి పులిహోర, గారెలు, గుత్తివంకాయ చేసి తనే వడ్డించింది. పాపం ఆయన కడుపు నిండాక నిజాయితీగా 'చాలు' అన్నాడు. ఆ తర్వాత ఇంకో నాలుగు గరిటెలు తిన్నాడు. మళ్లీ పిలిచినప్పటికి ఆయన లెక్క కట్టుకుని వచ్చాడట. మొదటి గరిటెకే తెలుగులో 'చాలండీ' మొదలుపెట్టి, మూడోసారికి విస్తరికి చెయ్యి అడ్డం పెట్టి, సరిగ్గా తనకి కావలసినంత దగ్గర ఆపించుకున్నాడు.